వంటగదిలో బొద్దింకల స్ప్రే: డబ్బా తీసినప్పటి నుంచి మళ్లీ దాచేదాకా

బొద్దింక కనిపించగానే డబ్బా అందుకుని కొట్టేయడం దాదాపు అందరికీ ఉన్న అలవాటు. ఆ క్షణంలో గట్టు మీద గిన్నెల మూతలు తీసి ఉంటాయి, పొయ్యి వెలుగుతూ ఉంటుంది, పిల్లి కాళ్ల దగ్గర తిరుగుతూ ఉంటుంది, పాప నేల మీద ఆడుకుంటూ ఉంటుంది. అందుకే మొదటి మాటగా ఒక్కటి చెప్పాలి: కంటికి కనిపించిన ఒక్క బొద్దింక కోసం స్ప్రే వాడకండి. దాన్ని చెప్పుతో కొట్టండి, లేదా గిన్నెలు తోమే సబ్బు కలిపిన నీళ్లు దాని మీద పోయండి. సబ్బు నీళ్లు దాని ఒంటి మీద ఉన్న శ్వాస రంధ్రాలను మూసేస్తాయి, అది చచ్చిపోతుంది. స్ప్రే అనేది ముందుగా అనుకుని, ఇల్లు సిద్ధం చేసుకుని, కనీసం మూడు నాలుగు గంటలు ఖాళీ పెట్టుకుని చేయవలసిన పని.

ఆ పని ఎలా చేయాలో ఒక ఇంటిని ఎదురుగా పెట్టుకుని చూద్దాం. వంటగదికి ఒక కిటికీ ఉంది. తలుపు హాల్లోకి తెరుచుకుంటుంది. హాల్లో చేపల తొట్టె ఉంది. ఇంట్లో ఒక పిల్లి, ఏడాది నిండిన పాప ఉన్నారు. పాప ఇంకా పాకుతోంది, దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటోంది. బొద్దింకలు సింకు కింద, ఫ్రిజ్ వెనక చేరాయి.

డబ్బాలో ఏముంది

ఇళ్లలో వాడే స్ప్రేలలో ఎక్కువ వాటిలో పైరెత్రాయిడ్ జాతి మందులు ఉంటాయి. సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్, ఇమిప్రోత్రిన్, పర్మెత్రిన్ వంటి పేర్లు డబ్బా వెనక చిన్న అక్షరాల్లో కనిపిస్తాయి. ఇవి పురుగు నరాలను ఆగకుండా ఉద్రేకపరుస్తాయి. మందు తగిలిన బొద్దింక వెల్లకిలా పడి కాళ్లు కొట్టుకునేది అందుకే. మనిషి శరీరం వీటిని చాలావరకు త్వరగా విరిచి బయటికి పంపేస్తుంది. పిల్లి శరీరానికి ఆ శక్తి చాలా తక్కువ. చేపలకైతే నీళ్లలో అతి కొద్దిగా కలిసినా ప్రాణాపాయమే.

మందుతో పాటు డబ్బాలో మరో రెండు ఉంటాయి. ఒకటి దాన్ని కరిగించి ఉంచే ద్రావకం. చాలా డబ్బాల్లో ఇది కిరోసిన్ జాతికి చెందిన నూనె. రెండోది మందును బయటికి తోసే వాయువు. అది ఎక్కువగా వంటగ్యాసులో ఉండే బ్యూటేన్, ప్రొపేన్‌లే. అంటే మీరు మీట నొక్కిన ప్రతిసారీ గదిలోకి మందు ఒక్కటే కాదు, మండే వాయువు కూడా వస్తుంది. డబ్బా మీద మంట బొమ్మ ఉండేది ఇందుకే. చచ్చిన చేప, ఎండిన చెట్టు ఉన్న బొమ్మ కనిపిస్తే నీటి జీవులకు ప్రమాదమని అర్థం.

లేబుల్ మీద వెతకవలసిన మరో విషయం: అది ఎగిరే పురుగులకా, పాకే పురుగులకా? దోమలు, ఈగల కోసం చేసిన మందు గాలిలో తేలేలా సన్నని తుంపరగా వస్తుంది. బొద్దింకల మందు గోడకూ నేలకూ అంటుకుని కొన్ని రోజులో వారాలో అక్కడే పనిచేసేలా తయారవుతుంది. రెండో రకాన్ని గాలిలోకి కొడితే బొద్దింకకు తగిలేది తక్కువ, మీ గట్టు మీద పడేది ఎక్కువ. పొలంలో వాడే పురుగుమందును నీళ్లలో కలిపి ఇంట్లో కొట్టడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. అది ఆరుబయట గాలిలో, ఎండలో వాడటానికి తయారైనది. మూసిన గదిలో దాని మోతాదు ప్రాణాల మీదికి తెస్తుంది.

ముందు ప్రాణులను పంపండి

పాపను, పిల్లిని మరో గదిలో పెట్టి తలుపు వేయడం కంటే ఇంటి బయటికి పంపడం మంచిది. ఇంట్లో ఎవరైనా పాపను ఎత్తుకుని బయట తిప్పుతుంటే ఈ పనికి అదే సరైన సమయం. గర్భిణులు, ఉబ్బసం ఉన్నవారు కూడా ఆ సమయంలో ఇంట్లో ఉండకూడదు. ఉబ్బసం ఉన్నవారికి మందు కంటే ముందు ద్రావకం ఆవిరే దగ్గు, ఆయాసం తెప్పించవచ్చు. పంజరంలో పక్షులుంటే వాటిని తప్పక బయటికి తీసుకెళ్లాలి. పక్షుల ఊపిరితిత్తుల నిర్మాణం వల్ల గాలిలోని తుంపరలు, ఆవిరులు వాటిని మనకంటే చాలా త్వరగా దెబ్బతీస్తాయి.

పిల్లి విషయంలో ఇంకో మెట్టు ఉంది. అది మందును పీల్చడం కంటే తడి మందు మీద నడిచి, ఆ పాదాలను నాకడం వల్ల ఎక్కువ మింగుతుంది. అందుకే మందు కొట్టేటప్పుడు పిల్లి లేకపోతే చాలదు, మందు పూర్తిగా ఆరేదాకా దాన్ని రానివ్వకూడదు. దాని నీళ్ల గిన్నె, తిండి గిన్నె, పడుకునే గుడ్డ కూడా వంటగదిలోంచి తీసేయండి.

చేపల తొట్టెను కదపలేరు కాబట్టి దాన్ని కప్పాలి. తొట్టె పైభాగాన్ని ప్లాస్టిక్ షీటుతో మూసి, అంచుల చుట్టూ టేపు వేయండి. తరువాత గాలి పంపు ఆపండి. ఇది చాలామందికి తట్టదు. ఆ పంపు గదిలోని గాలిని పీల్చి నేరుగా నీళ్లలోకి వదులుతుంది. గాలిలో మందు ఉంటే అదీ నీళ్లలోకే పోతుంది. అయితే పంపును ఎక్కువసేపు ఆపి ఉంచలేరు. చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటే ఆక్సిజన్ చాలడం లేదని తెలుసుకోవాలి. తొట్టెలో చేపలు కిక్కిరిసి ఉంటే స్ప్రే ఆలోచనే మానేసి బొద్దింకల జెల్ వాడండి. పగుళ్లలో చిన్న చుక్కలుగా పెట్టే ఆ జెల్ గాలిలోకి రాదు, తొట్టెను కప్పే పనీ ఉండదు. నన్ను అడిగితే చిన్న పిల్లలు, పక్షులు ఉన్న ఇంట్లో మొదట ప్రయత్నించవలసింది కూడా అదే. పిల్లల వేలు, పిల్లి నాలుక అందని పగుళ్లలోనే పెట్టాలి, అంతే.

తినేవి, తినడానికి వాడేవి

ఆహారం మీద గుడ్డ కప్పితే సరిపోతుందనుకోకండి. తుంపర గుడ్డలో ఇంకి లోపలికి దిగుతుంది. బిగుతుగా మూతపడే డబ్బాలోనో, ఫ్రిజ్‌లోనో, ఇంకో గదిలోనో పెట్టాలి. గట్టు మీది పండ్లు, తాగునీటి పాత్ర, పాప పాల సీసాలు, పిల్లి తిండి సంచి అన్నీ గది నుంచి బయటికి పోవాలి.

ఆహారాన్ని గుర్తుపెట్టుకునేవారు కూడా తరచూ మరిచేవి కొన్ని ఉన్నాయి: ఆరబెట్టిన గిన్నెలు, కూరగాయలు కోసే చెక్క, గిన్నెలు తోమే పీచు, చేతులు తుడుచుకునే గుడ్డ. పీచు, చెక్క మందును పీల్చుకుంటాయి, కడిగినా పూర్తిగా వదలవు. కాబట్టి వీటిని కప్పవద్దు, తీసేయండి. కదపలేని నీటి ఫిల్టరు వంటి వాటిని ప్లాస్టిక్ సంచితో పూర్తిగా చుట్టండి. సింకు కింది అర మొత్తం ఖాళీ చేయండి. ఎలాగూ మందు పడవలసిన చోటు అదే.

మంటలు, మీటలు

పొయ్యి ఆర్పి, గ్యాస్ వాల్వు కట్టేయండి. కొవ్వొత్తి, సిగరెట్ ఏదీ వెలుగుతూ ఉండకూడదు. ఫ్రిజ్ వెనక మందు కొట్టబోతున్నారు కాబట్టి ముందే ఫ్రిజ్ స్విచ్ ఆపి, ప్లగ్ తీసి పెట్టండి. కరెంటు లైటు కూడా ముందే వేసి ఉంచండి. మందు కొట్టిన తరువాత, గాలి ఆడేదాకా ఏ స్విచ్చూ ముట్టుకోవద్దు. మీటలోని చిన్న నిప్పురవ్వ కూడా వాయువును అంటించగలదు.

ఆ వాయువు గాలి కంటే బరువైనది. అది పైకి పోదు, కిందికి జారి నేల మీద, అరల్లో నిలుస్తుంది. సింకు కింది అరలోకి సగం డబ్బా ఖాళీ చేసి తలుపు వేసి, కాసేపటికి ఎవరో పొయ్యి వెలిగిస్తే పేలుడు జరగవచ్చు. మందు ఎక్కువ కొడితే బొద్దింకలు ఎక్కువ చస్తాయన్న నమ్మకం వల్ల వచ్చే అన్నిటికంటే పెద్ద ప్రమాదం ఇదే.

మందు కొట్టడం

పొడుగు చేతుల చొక్కా, రబ్బరు చేతి తొడుగులు, కళ్లద్దాలు వేసుకోండి. గుడ్డ మాస్కు తుంపరను కొంత ఆపుతుందేమో గాని ఆవిరిని ఆపదు. అందువల్ల మాస్కు ఉంది కదా అని గదిలో ఎక్కువసేపు ఉండకండి. కిటికీ తెరవండి. హాలు తలుపు మూసి, దాని కింది సందులో తడి తువ్వాలు మడిచి పెట్టాలి. మీరు లోపల ఉన్నప్పుడు లోపలి వైపు, బయటికి వచ్చాక బయటి వైపు. ఎగిరే పురుగుల మందుకు కొంతసేపు కిటికీలు మూసి ఉంచమని లేబుల్ చెబుతుంది. బొద్దింకల మందును పగుళ్లలో కొట్టేటప్పుడు, లేబుల్ ప్రత్యేకంగా చెబితే తప్ప, ఆ అవసరం లేదు.

డబ్బాతో పాటు వచ్చే సన్నని గొట్టాన్ని తప్పకుండా తగిలించండి. దాని కొనను పగులు దగ్గర పెట్టి ఒకటి రెండు సెకన్లు నొక్కి వదలండి. సింకు కింద పైపు గోడలోకి పోయే రంధ్రం, అర మూలలు, ఫ్రిజ్ వెనక నేలా గోడా కలిసే గీత, ఇవే మీకు కావలసిన చోట్లు. బొద్దింక పగలంతా ఇరుకైన సందులో ఒళ్లు ఆనించి కూర్చుంటుంది, గోడ అంచు వెంటే నడుస్తుంది. గీత వెంట పడిన కొద్ది మందు నేల మధ్యలో పడిన చాలా మందు కంటే ఎక్కువ పని చేస్తుంది. పాప పాకేది నేల మధ్యలోనే, అక్కడ మందు అవసరమే లేదు. ఫ్రిజ్ మోటారు మీద, స్విచ్‌బోర్డుల్లోకి కొట్టవద్దు.

లోపలి మూల నుంచి మొదలుపెట్టి తలుపు వైపు వెనక్కి నడుస్తూ కొట్టండి. అప్పుడు మీరు మందులోంచి నడిచి రావలసిన అవసరం ఉండదు. ఇలాంటి వంటగదికి మొత్తం నొక్కుడు అర నిమిషం కూడా పట్టకూడదు. మందు నేల మీద కారుతూ మడుగు కడితే మీరు మోతాదు దాటినట్టే. దాన్ని అప్పుడే కాగితంతో అద్ది తీయండి. ఇంతకుముందు జెల్ పెట్టిన చోట స్ప్రే కొట్టవద్దు. స్ప్రే వాసన బొద్దింకలను తరిమేస్తుంది, అవి జెల్‌ను ముట్టవు, రెండు మందులూ వృథా అవుతాయి.

గాలి ఎటు పోతోంది

బయటికి వచ్చి తలుపు వేసి, తువ్వాలు సర్ది, చేతులు, ముఖం సబ్బుతో కడుక్కోండి. లేబుల్ మీద ఎంతసేపు ఆగాలో ఉంటే అంతసేపు, లేకపోతే మందు ఆరేదాకా ఒక గంటైనా ఎవరూ లోపలికి వెళ్లవద్దు.

గాలి ఆడించడం అంటే తలుపులు, కిటికీలు అన్నీ ఒకేసారి బార్లా తీయడమని చాలామంది అనుకుంటారు. ఈ ఇంట్లో అలా చేస్తే వంటగది గాలి హాల్లోకి వచ్చి చేపల తొట్టె మీద పడవచ్చు. గాలి హాలు నుంచి వంటగదిలోకి, అక్కడి నుంచి కిటికీ గుండా బయటికి పోవాలి. అందుకు ముందు హాలు కిటికీలు తీయండి, తరువాత వంటగది తలుపు కొద్దిగా తీయండి. ఒక సన్నని కాగితపు ముక్కను ఆ సందులో వేలాడదీసి చూడండి. అది వంటగది లోపలికి వంగితే గాలి సరైన దిక్కున పోతోంది. మీ వైపు వంగితే తలుపు మూసేసి, హాల్లో తలుపుకు కాస్త దూరంగా బల్ల ఫ్యాను పెట్టి వంటగది వైపు తిప్పండి, ఆపై మళ్లీ తలుపు తీయండి. పది పదిహేను నిమిషాలు ఇలా గాలి పోయాక ఎగ్జాస్ట్ ఫ్యాను వేయవచ్చు. ఇంకో అరగంటైనా అలాగే వదలండి.

ఏసీ వేస్తే గాలి మారుతుందనుకోవద్దు. ఇళ్లలో ఉండే ఏసీలు ఎక్కువగా గదిలో గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తాయి, బయటి గాలిని తీసుకురావు. వాసన పోయింది కదా అని నమ్మడం కూడా సరికాదు. మీ ముక్కుకు తగిలేది చాలావరకు ద్రావకం, దానిలో కలిపిన సువాసన. లోపలికి వెళ్లినప్పుడు గొంతు గరగర, కళ్ల మంట, తలనొప్పి అనిపిస్తే గాలి ఇంకా మారలేదని అర్థం, వెంటనే బయటికి వచ్చేయండి.

తుడవడం

పైరెత్రాయిడ్‌లు నీళ్లలో సరిగా కరగవు, కాబట్టి ఒట్టి తడిగుడ్డ మందును ఒకచోటి నుంచి ఇంకోచోటికి పూస్తుంది. తొడుగులు వేసుకుని, సబ్బు నీళ్లతో గట్టు, పొయ్యి మీటలు, అర తలుపుల పిడులు, నేల మధ్యభాగం తుడవండి. పగుళ్లను, గోడ అంచులను వదిలేయండి, అక్కడి మందు అక్కడే ఉండాలి. ఎండ, వాన తగలని ఇంట్లో ఈ మందు చాలా రోజులు నిలుస్తుంది. బొద్దింకల విషయంలో అది మేలు, పాకే పాప విషయంలో కీడు. సింకు కింది అరకు పిల్లల గొళ్లెం తప్పనిసరి అయ్యేది అందుకే.

చచ్చిన బొద్దింకలను కాగితంతో ఎత్తి, మూటకట్టి చెత్తలో వేయండి. మర్నాడు ఉదయం పాప, పిల్లి నేల మీదికి రాకముందే హాలుతో సహా మరోసారి వెతకండి. మందు తగిలిన బొద్దింక సందులోంచి బయటికి వచ్చి ఎక్కడో చస్తుంది. కొట్టుకుంటున్న బొద్దింకతో ఆడుకోవడం పిల్లికి ఎంతో ఇష్టం. చేపల తొట్టెను మాత్రం మర్నాటిదాకా అలా ఉంచవద్దు: గాలి ఆడించడం పూర్తికాగానే తొట్టె మీది షీటును పై ముఖం లోపలికి వచ్చేలా మడిచి తీసి, తరువాత పంపు వేయండి.

గుడ్ల తొడుగులోకి మందు దిగదు. కాబట్టి రెండు మూడు వారాల్లో పిల్ల బొద్దింకలు కనిపించడం సహజం. లేబుల్ చెప్పిన గడువు దాటాకే మళ్లీ కొట్టండి. ఆరిన మందు గీత మీదుగా బొద్దింకలు హాయిగా నడిచిపోతుంటే అవి ఆ మందుకు అలవాటుపడ్డాయి. పైరెత్రాయిడ్‌లకు లొంగని బొద్దింకలు ప్రపంచమంతటా ఉన్నాయి. అప్పుడు మోతాదు పెంచితే నష్టపోయేది మీరే. వేరే జాతి మందు ఉన్న జెల్‌కు మారండి.

డబ్బా ఎక్కడ ఉండాలి

పిల్లలు డబ్బాను పట్టుకునేది అది అరలో ఉన్నప్పుడు మాత్రమే కాదు. పని మధ్యలో ఫోను మోగి, డబ్బాను గట్టు మీద పెట్టి వెళ్లిన ఆ రెండు నిమిషాల్లో కూడా. అందుకే మందు కొట్టడం ఆపిన వెంటనే, చేతులు కడుక్కోవడానికి కూడా ముందే, డబ్బా తాళం ఉన్న అరలోకి వెళ్లాలి. ఆ అర ఎక్కడుందో, తాళం తీసి ఉందో లేదో మొదలుపెట్టే ముందే చూసుకోండి.

ఎత్తుగా పెట్టడం ఒక్కటే రక్షణ కాదు. నడక వచ్చిన పిల్లలు కుర్చీ లాక్కుని ఎక్కుతారు. ఎత్తు, తాళం రెండూ కావాలి. ఫ్రిజ్ పైన, పొయ్యి పక్కన, ఎండ పడే కిటికీలో, కారులో పెట్టకండి. డబ్బాను 50 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడికి గురిచేయకూడదని వాటి మీదే రాసి ఉంటుంది. ఎండలో మూసి నిలిపిన కారు ఆ వేడిని తేలిగ్గా దాటుతుంది. ఆహారం, మందుబిళ్లలు ఉండే అరలో స్ప్రే ఉండకూడదు.

సీసాలో పోసి వాడే ద్రవ మందైతే దాన్ని నీళ్ల సీసాలోకో, శీతల పానీయం సీసాలోకో ఎప్పుడూ మార్చవద్దు. పిల్లలే కాదు, చీకట్లో దాహం వేసిన పెద్దలు కూడా తాగేస్తారు. అసలు సీసాతో పాటు లేబుల్ కూడా పోతుంది, అప్పుడు ఏం తాగారో వైద్యుడికి చెప్పడానికి కూడా ఏమీ మిగలదు. ఖాళీ డబ్బాలో కూడా వాయువు కొంత మిగిలే ఉంటుంది. దాన్ని పొడవకండి, మంటలో వేయకండి, పిల్లలకు ఆడుకోవడానికి ఇవ్వకండి.

ఏదైనా జరిగితే

కళ్లలో పడితే ధారగా పారే మంచినీటితో పదిహేను ఇరవై నిమిషాలు కడగాలి. చర్మం మీద పడితే తడిసిన బట్టలు తీసేసి, సబ్బు, చల్లని నీటితో కడగండి. కొందరికి ఆ చోట చీమలు పాకినట్టు చుర్రుమంటుంది. ఇది ఈ మందుల సహజ లక్షణమే, సాధారణంగా ఒక రోజులో తగ్గుతుంది. వేడి నీళ్లు పోస్తే మంట పెరుగుతుంది.

నోట్లోకి పోతే వాంతి చేయించవద్దు. ఉప్పు నీళ్లు తాగించడం, గొంతులో వేలు పెట్టడం రెండూ తప్పే. కిరోసిన్ జాతి ద్రావకం వాంతితో పైకి వచ్చేటప్పుడు ఊపిరితిత్తుల్లోకి జారితే తీవ్రమైన న్యుమోనియా వస్తుంది. నోరు తుడిచి, విష సమాచార కేంద్రానికో ఆసుపత్రికో ఫోను చేయండి. దగ్గు, ఆయాసం, మగత, వణుకు కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. పిల్లికి చెవులు, ముఖం అదరడం, నోటి నుంచి చొంగ, తూలడం, ఒళ్లు వణకడం మొదలైతే అది పశువైద్యుడి దగ్గరికి పరుగెత్తవలసిన సమయం. మూర్ఛ లేకుండా నిలకడగా ఉంటే గోరువెచ్చని నీళ్లు, గిన్నెల సబ్బుతో ఒళ్లు కడిగి తీసుకెళ్లవచ్చు, మూర్ఛ వస్తుంటే స్నానం కోసం ఆగవద్దు.

వెళ్లేటప్పుడు డబ్బాను సంచిలో వేసి వెంట తీసుకెళ్లండి. వైద్యుడికి కంపెనీ పేరు కంటే వెనక చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు, దాని శాతం, ద్రావకం వివరం ముఖ్యం. కొత్త డబ్బా కొన్న రోజే ఆ భాగాన్ని ఫోనులో ఫొటో తీసి, పాపను చూసుకునే ప్రతి ఒక్కరికీ పంపి ఉంచండి.